సూపర్ కెపాసిటరా, బ్యాటరీయా? పొలంలో సెన్సార్‌కు సౌరశక్తి: రోజు పద్దు వేసి ఎంచుకోవడం

పొలంలో ఒక చిన్న సెన్సార్ పెట్టాలనుకున్నప్పుడు చాలామంది ముందు ప్యానెల్ కొంటారు, ఆ తర్వాత దానికి తగ్గ బ్యాటరీ వెతుకుతారు, శక్తి లెక్క చివర్లో వేస్తారు. ఈ వరుసను తలకిందులు చేయాలి. సెన్సార్ రోజుకు ఎంత ఖర్చు పెడుతుందో ముందు తేలితే, ఏం కొనాలన్న ప్రశ్న సగం అక్కడే తీరిపోతుంది. కొన్నిసార్లు ప్యానెలే అక్కరలేదని కూడా తేలుతుంది.

ఎంపికకు మూలమైన తేడా ఒకటుంది. బ్యాటరీ పెట్టినవాడు ఎండలేని వారం కోసం దాచుకుంటాడు. సూపర్ కెపాసిటర్ పెట్టినవాడు ఒక్క రాత్రి కోసమే దాచుకుంటాడు. ఏడాదిలో అతి మబ్బు రోజు కూడా తన ఖర్చును తానే సంపాదించుకునేలా ప్యానెల్‌ను పెద్దది చేస్తాడు. ఈ తేడాను పట్టించుకోకుండా బ్యాటరీ తీసేసి ఆ స్థానంలో కెపాసిటర్ పెడితే, మొదటి ముసురుకే సెన్సార్ మూగబోతుంది.

లెక్కకు ఒక నిజమైన సందర్భం కావాలి కాబట్టి గుంటూరు ప్రాంతపు మిరప చేను తీసుకుందాం. డ్రిప్ కింద సాగు, మొక్కల మధ్య మట్టి తేమ సెన్సార్, పదిహేను నిమిషాలకొక కొలత, దాన్ని లోరా రేడియో ద్వారా ఇంటి మీద ఉన్న గేట్‌వేకు పంపడం. మన దేశంలో దీనికి లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది. ఈ సందర్భం ఎంచుకోవడానికి కారణం, అది అన్ని వైపుల నుంచీ పరీక్ష పెడుతుంది. వేసవిలో 45 డిగ్రీల ఎండ. నవంబరు, డిసెంబరు నెలల్లో తుపాన్ల మబ్బు. సరిగ్గా అప్పటికే మిరప మొక్కలు ఏపుగా పెరిగి ప్యానెల్ మీద నీడ వేస్తుంటాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన వారాన్ని గుర్తుతెచ్చుకుంటే చాలు, ఎలాంటి రోజులకు లెక్క వేయాలో అర్థమవుతుంది.

ఖర్చు వైపు

పరికరం మొత్తం 3 వోల్టుల మీద నడుస్తుందనుకుందాం. ఖర్చు నాలుగు చోట్ల ఉంటుంది: నిద్ర, కొలత, పంపడం, జవాబు కోసం వినడం.

నిద్రలో మైక్రోకంట్రోలర్, రేడియో, రెగ్యులేటర్, వోల్టేజీని కాపలా కాసే చిప్ అన్నీ కలిసి 8 మైక్రో ఆంపియర్లు తీసుకుంటాయి. ఇది చాలా చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ రోజులో ఉన్న 86,400 సెకన్లూ అది నడుస్తూనే ఉంటుంది. కొలతకు సెన్సార్, ప్రాసెసర్ కలిపి 10 మిల్లీ ఆంపియర్లు, అర సెకను. వినడానికి 11 మిల్లీ ఆంపియర్లు, రెండు విడతలు కలిపి సెకనులో పదో వంతు. పంపడానికి 45 మిల్లీ ఆంపియర్లు. అయితే ఎంతసేపు?

ఈ సమయమే పద్దులో అన్నిటికంటే ఎక్కువగా మారే అంకె. 12 బైట్ల సమాచారాన్ని లోరావాన్ పద్ధతిలో పంపితే, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ అనే స్థాయి SF7 దగ్గర 62 మిల్లీ సెకన్లు పడుతుంది, SF10 దగ్గర 412, SF12 దగ్గర 1,483. గేట్‌వే దూరమయ్యేకొద్దీ ఈ స్థాయి పెంచక తప్పదు. అంటే అదే సెన్సార్, అదే సమాచారం, అదే బ్యాటరీ; గేట్‌వే దగ్గరగా ఉందా, ఊరి అవతల ఉందా అన్నదాన్ని బట్టి పంపే ఖర్చు ఇరవై నాలుగు రెట్లు మారిపోతుంది. గేట్‌వే యాంటెనాను డాబా మీద ఇంకో రెండు మీటర్లు పైకి ఎత్తి ఒక స్థాయి తగ్గించగలిగితే, పెద్ద ప్యానెల్ కొన్నదానికంటే ఎక్కువ లాభం. మన లెక్కకు మధ్యస్థంగా SF10 తీసుకుందాం. రోజుకు 96 సార్లు.

```
నిద్ర     8 µA × 3 V × 86400 s            = 2.07 J
కొలత     10 mA × 3 V × 0.5 s   × 96      = 1.44 J
పంపడం    45 mA × 3 V × 0.412 s × 96      = 5.34 J
వినడం    11 mA × 3 V × 0.1 s   × 96      = 0.32 J
మొత్తం                                     = 9.17 J
```

రోజుకు 9.2 జౌళ్లు. ఫోను బ్యాటరీల భాషలో చెబితే 0.85 ఎంఏహెచ్. సగటు కరెంటు 35 మైక్రో ఆంపియర్లు.

ఈ అంకె రావాలంటే బోర్డు కూడా సహకరించాలి. బజారులో దొరికే చాలా డెవలప్‌మెంట్ బోర్డుల మీద AMS1117 రెగ్యులేటర్ ఉంటుంది. ప్రాసెసర్ ఎంత గాఢంగా నిద్రపోయినా ఆ రెగ్యులేటర్ ఒక్కటే సుమారు 5 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. రోజుకు 120 ఎంఏహెచ్. మన సెన్సార్ మొత్తం ఖర్చుకు అది 140 రెట్లు! దానికి తోడు ఎప్పుడూ వెలిగే పవర్ ఎల్ఈడీ. అలాంటి బోర్డుకు సూపర్ కెపాసిటర్ సరిపోలేదని ఎవరైనా అంటే, తప్పు కెపాసిటర్‌ది కాదు. ఎల్ఈడీ తీసేయాలి, రెగ్యులేటర్ మార్చాలి. 1.6 మైక్రో ఆంపియర్లతో బతికే MCP1700 లాంటివి మామూలు ధరకే దొరుకుతాయి. మిగతా ఎంపికలన్నీ ఈ పని పూర్తయ్యాకే.

ముందు అడగాల్సింది: ప్యానెల్ అసలు అవసరమా?

రోజుకు 0.85 ఎంఏహెచ్ అనగానే ఒక ప్రత్యర్థి ముందుకు వస్తుంది. రీఛార్జి కాని లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్, పెన్సిల్ సెల్ సైజులో, 3.6 వోల్టులు, సుమారు 2,400 ఎంఏహెచ్. కాగితం మీద భాగిస్తే ఏడున్నర ఏళ్లకు పైగా వస్తుంది. ఎండ వేడిమి, సొంత లీకేజీ తీసేసినా నాలుగైదేళ్లు ఆశించవచ్చు. ప్యానెల్ తుడవాల్సిన పని లేదు, నీడ బెంగ లేదు.

రెండు మూడు పంటకాలాల పరిశీలన కోసం కొద్ది సెన్సార్లు పెడుతున్నవారికి నేను ఇదే సూచిస్తాను. ఒక్క జాగ్రత్త: ఈ సెల్ లోపల ఏర్పడే పొర వల్ల నెలల తరబడి మైక్రో ఆంపియర్ల మీద నడిచాక ఒక్కసారిగా 45 మిల్లీ ఆంపియర్లు అడిగితే వోల్టేజీ కూలబడుతుంది. పక్కన ఒక చిన్న కెపాసిటర్ సమాంతరంగా పెట్టి, రేడియో అడిగే ఆ పెద్ద గుక్క దాని నుంచి అందేలా చూడాలి.

కానీ SF12 మీద, అయిదు నిమిషాలకొకసారి పంపాల్సి వస్తే పంపే ఖర్చు ఒక్కటే రోజుకు 58 జౌళ్లు అవుతుంది. అదే సెల్ ఏడాదికి అటూ ఇటూగా అయిపోతుంది. వైఫై వాడే ఈఎస్‌పీ32 అయితే ఒకసారి మేల్కొని, కనెక్టయి, పంపేసరికి ఒక జౌలు దాటడం మామూలు. రోజుకు 96 సార్లంటే వంద జౌళ్ల పైమాట. ఇంకో చిక్కు, ఈ సెల్ వోల్టేజీ చివరి వరకు దాదాపు ఒకేలా ఉంటుంది. ఎంత మిగిలిందో బయటికి తెలియదు, ఒకరోజు చెప్పకుండా ఆగిపోతుంది. దుక్కిలో కలిసిపోయిన సెల్‌ను వెతికి తీయడం కూడా ఎవరికీ సాధ్యం కాదు. ఖర్చు రోజుకు 15 జౌళ్లు దాటినా, సెన్సార్ అయిదేళ్లకు మించి ఉండాలన్నా సౌరశక్తి వైపు తిరగడమే మంచిది.

నిల్వకు నాలుగు దారులు

అందరికీ తెలిసింది 18650 లిథియం అయాన్ సెల్. 2,500 ఎంఏహెచ్ సెల్‌లో 32,000 జౌళ్లకు పైగా నిల్వ ఉంటుంది. కింద లెక్క వేయబోయే రెండు సూపర్ కెపాసిటర్ల జోడీలో వాడుకోగలిగింది 27 జౌళ్లు మాత్రమే. నిల్వలో వీటి మధ్య పోటీయే లేదు. చిక్కంతా వేడితోనే. సాధారణ లిథియం అయాన్ సెల్‌ను 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే ఛార్జి చేయాలి. మే నెలలో గుంటూరులో నీడలోనే 45 తాకుతుంది, ఎండలో ఉన్న ప్లాస్టిక్ పెట్టె లోపల అంతకంటే చాలా ఎక్కువ. ప్యానెల్ బాగా పనిచేసే వేళ, సెల్‌కు ఛార్జింగ్ హాని చేసే వేళ రెండూ ఒకటే. ఉష్ణోగ్రత చూసి ఛార్జింగ్ ఆపే సర్క్యూట్ పెట్టవచ్చు; ఉదయం పూట వచ్చిన ఛార్జితోనే రోజు గడిచిపోతుంది కూడా. అయితే ఎండలో రెండు మూడు వేసవులు గడిచేసరికి సెల్ సామర్థ్యం పడిపోతుందని ముందే అనుకుని, మార్చడానికి వీలుగా పెట్టాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ దీనికంటే వేడిని, ఏళ్లను బాగా ఓర్చుకుంటుంది. పైగా 3.2 వోల్టులే కాబట్టి రేడియోకు రెగ్యులేటర్ లేకుండా నేరుగా కలపవచ్చు. బ్యాటరీ తప్పదనుకుంటే నా ఓటు దానికే.

ఇక కెపాసిటర్లలో మూడు రకాల అమరికలున్నాయి. 2.7 వోల్టుల సూపర్ కెపాసిటర్లు రెండింటిని వరుసగా కలపడం, ఒక్కదాన్నే పెట్టి బూస్ట్ కన్వర్టర్‌తో వోల్టేజీ పెంచుకోవడం, 3.8 వోల్టుల లిథియం అయాన్ కెపాసిటర్.

రెండు 10 ఫారడ్లు వరుసగా: నేను ఎంచుకునేది

అమరిక ఇది. 6 వోల్టుల ప్యానెల్ నుంచి 5 వోల్టుల లీనియర్ రెగ్యులేటర్‌కు, అక్కడి నుంచి ఒక డయోడ్ ద్వారా కెపాసిటర్లకు, కెపాసిటర్ల నుంచి 3 వోల్టుల MCP1700 ద్వారా పరికరానికి. మొదటి రెగ్యులేటర్ ప్యానెల్ వైపు ఉండటంలో ఒక సులువుంది: అది తాగే కరెంటు పగటి ఎండ ఖాతాలోకి పోతుంది, రాత్రి దానికి తాగడానికేమీ ఉండదు. డయోడ్ దగ్గర సగం వోల్టు పోవడం కూడా మనకు మేలే. కెపాసిటర్లు రెండూ కలిసి 4.5 వోల్టుల దగ్గర ఆగుతాయి, అంటే ఒక్కోటి 2.25.

డయోడ్‌గా చాలామంది అలవాటుగా షాట్కీ రకం పెడతారు. ఇక్కడ 1N4148 లాంటి మామూలు సిలికాన్ డయోడ్ మేలు. షాట్కీలో వోల్టేజీ తక్కువ పోతుంది గానీ రాత్రి వేళ వెనక్కి కారే కరెంటు, అందులోనూ వెచ్చని రాత్రి, పదుల మైక్రో ఆంపియర్లు ఉండవచ్చు. మన సెన్సార్ సగటు ఖర్చే 35 మైక్రో ఆంపియర్లు అయినప్పుడు ఆ కారడాన్ని భరించలేం.

ఇలా అన్నీ లీనియర్‌గా ఉన్నప్పుడు లెక్క జౌళ్లలో కాకుండా కూలుంబుల్లో వేస్తే సులువు. లోపలికి ఎంత కరెంటు వస్తే అంతే బయటికి పోతుంది, మిగిలింది వేడిగా పోతుంది.

డిసెంబరులో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు సుమారు 13 గంటలు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ మిరప ఆకుల్లోంచి ప్యానెల్‌కు అందదు కాబట్టి ఛార్జి లేని సమయం 16 గంటలనుకుందాం. 35 మైక్రో ఆంపియర్ల చొప్పున పరికరానికి 2.04 కూలుంబులు. దీనికి కెపాసిటర్ సొంత లీకేజీ కలపాలి. 10 ఫారడ్ల రకానికి తయారీదారులు 30 మైక్రో ఆంపియర్ల వరకు ఇస్తారు, అదీ 72 గంటలు ఛార్జిలో ఉంచిన తర్వాత కొలిచింది. అది మరో 1.73 కూలుంబులు. చూశారుగా, కెపాసిటర్ తన కోసం తినేది దాదాపు సెన్సార్ తినేదంత ఉంది. అందుకే ‘ఎందుకైనా మంచిది’ అని వంద ఫారడ్లది పెడితే లాభం కన్నా నష్టం ఎక్కువ కావచ్చు. ఫారడ్లతో పాటు లీకేజీ కూడా పెరుగుతుంది, ఖాళీ అయ్యాక మళ్లీ నిండడానికీ అంత ఎక్కువ సమయం పడుతుంది.

మొత్తం 3.77 కూలుంబులు. వోల్టేజీ 4.5 నుంచి 3.1 వరకు దిగవచ్చు కాబట్టి:

```
C = Q / ΔV = 3.77 / 1.4 = 2.7 F
```

కెపాసిటర్ ముసలిదయ్యేసరికి 30 శాతం సామర్థ్యం పోతుందని, కొత్తప్పుడే రాసినదానికంటే 20 శాతం తక్కువ ఉండవచ్చని లెక్కలోకి తీసుకుంటే 2.7ను 0.7తో, మళ్లీ 0.8తో భాగించాలి. 4.8 ఫారడ్లు. రెండు పది ఫారడ్లు వరుసగా కలిపితే 5. అంతకంటే పెద్దది అక్కరలేదు.

వరుసగా కలిపినప్పుడు రెండూ వోల్టేజీని సమానంగా పంచుకుంటాయా అన్న భయం ఉంటుంది. అందుకని చాలా సర్క్యూట్లలో ఒక్కోదానికి అడ్డంగా ఒక రెసిస్టర్ పెడతారు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెడితే 225 మైక్రో ఆంపియర్లు వాటిలోంచే పోతాయి, సెన్సార్‌కు ఆరు రెట్లు. మన అమరికలో అవి వద్దు. ఒకటి 20 శాతం ఎక్కువ, ఇంకొకటి 20 శాతం తక్కువ అనే అతి చెడ్డ జోడీ తగిలినా 4.5 వోల్టుల్లో చిన్నదాని మీద పడేది 2.7 వోల్టులే, అంటే దాని హద్దు లోపలే. పైగా ఎక్కువ వోల్టేజీ ఉన్నదాంట్లో లీకేజీ కూడా ఎక్కువ కాబట్టి రోజులు గడిచేకొద్దీ అవే సర్దుకుంటాయి. పెట్టిన నెల తర్వాత ఒక్కోదాని మీద మల్టీమీటర్ పెట్టి చూస్తే చాలు.

2.7 వోల్టుల కెపాసిటర్‌ను 2.25 దగ్గరే ఆపడం దండగ అనిపించవచ్చు. ఈ రకాలకు 65 డిగ్రీల దగ్గర, పూర్తి వోల్టేజీ మీద హామీ ఇచ్చేది సాధారణంగా 1,000 నుంచి 1,500 గంటలు. వెయ్యి గంటలంటే ఆరు వారాలు. ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, సుమారు 0.2 వోల్టులు తగ్గిస్తే మరో రెట్టింపు అన్నది ఈ రంగంలో వాడే స్థూలమైన సూత్రం. పగలూ రాత్రీ కలిపి సగటున 35 డిగ్రీల దగ్గర ఉంచగలిగితే ఎనిమిది రెట్లు, వోల్టేజీ తగ్గించినందుకు నాలుగు రెట్లు. 32,000 గంటలు, అంటే మూడున్నర ఏళ్లు దాటుతుంది. అప్పుడైనా అది చచ్చిపోదు, మనం ముందే లెక్కలోకి తీసుకున్న 30 శాతం సామర్థ్యం పోతుంది, అంతే. కాబట్టి పెట్టెను ప్యానెల్ నీడలోకి, గాలి ఆడేలా, తెల్ల రంగులో పెట్టండి.

జమ వైపు

మన ప్రాంతంలో మంచి ఎండ రోజు చదరపు మీటరుకు ఆరేడు యూనిట్ల శక్తి పడుతుంది. తుపాను మబ్బు రోజుకు నేను అందులో పదో వంతు, 0.7 యూనిట్లు తీసుకుంటాను. దీన్ని ‘పూర్తి ఎండ 0.7 గంటలు’ అని చదువుకోవచ్చు. 60 మిల్లీ ఆంపియర్లిచ్చే 6 వోల్టుల చిన్న ప్యానెల్ అప్పుడు 42 ఎంఏహెచ్ ఇవ్వాలి. చౌక ప్యానెళ్ల మీద రాసిన అంకె, దుమ్ము, కోణం అన్నీ చూసి సగం చేయండి: 21. మిరప ఆకుల నీడలో పదో వంతే అందుతుందనుకుంటే 2.1 ఎంఏహెచ్. ఖర్చు ఎంత? సెన్సార్‌కు 0.85, లీకేజీకి 0.72, కలిపి 1.57. అతి చెడ్డ రోజున, అతి చెడ్డ నీడలో కూడా పద్దు మిగులులోనే ఉంది, కానీ కొద్దిగానే. ప్యానెల్‌ను కర్రకు కట్టి మొక్కల తలల మీదుగా ఒక అడుగు పైకి ఎత్తితే ఆ 2.1 కాస్తా 21 అవుతుంది. ఇక్కడ ప్యానెల్ సైజు కన్నా ఎత్తే ముఖ్యం.

ఈ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది: మబ్బులో కరెంటు తగ్గినా వోల్టేజీ నిలబడుతుందని. మంచి ప్యానెల్లో అది దాదాపు నిజం. చౌకరకం కొన్నింటిలో లోపలి లీకేజీ వల్ల వెలుతురు తగ్గగానే వోల్టేజీ కూలిపోతుంది. కొనే ముందు కనిపెట్టడం కష్టం గానీ కొన్నాక తేలిక: సాయంత్రం మసక వెలుతురులో ప్యానెల్ తీగలకు వంద కిలో ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి వోల్టేజీ చూడండి. 4 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ఆ ప్యానెల్ మబ్బు రోజుల్లో మీకు పనికిరాదు.

BQ25570 లాంటి ప్రత్యేక హార్వెస్టర్ చిప్ పెట్టాలా అని అడుగుతారు. గది లోపలి ట్యూబులైటు వెలుతురులో, ఒకటి రెండు సెల్స్ ఉన్న చిన్న ప్యానెల్‌తో నడపాలంటే అది తప్పదు. ఆరుబయట 6 వోల్టుల ప్యానెల్ ఉన్నప్పుడు అది ఇచ్చే అదనపు లాభాన్ని ప్యానెల్‌ను కొంచెం పెద్దది చేసి తక్కువ ధరకే పొందవచ్చు. పైగా కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయినప్పుడు ఆ చిప్ కోల్డ్ స్టార్ట్ దశలో చాలా నెమ్మదిగా ఛార్జి చేస్తుంది. లీనియర్ అమరికకు ఆ ఇబ్బంది లేదు. ఖాళీ కెపాసిటర్ షార్ట్ సర్క్యూట్‌లా కనిపించినా ప్యానెల్ తన 60 మిల్లీ ఆంపియర్లను పోస్తూనే ఉంటుంది.

మిగతా రెండూ ఎప్పుడు?

25 ఫారడ్ల కెపాసిటర్ ఒక్కటే, దాని వెనుక బూస్ట్ కన్వర్టర్ అనే అమరిక చూడటానికి ముచ్చటగా ఉంటుంది. వోల్టేజీ పంపకం బెంగ లేదు, 2.5 నుంచి 1 వోల్టు వరకు దించవచ్చు, 65 జౌళ్లు వాడుకోవచ్చు. మన జోడీకి రెట్టింపు కంటే ఎక్కువ. కానీ ప్యానెల్ ఇచ్చే ప్రతి కూలుంబూ ఇక్కడ సగటున 2 వోల్టుల దగ్గర నిల్వ అవుతుంది, అంటే తక్కువ శక్తిని మోస్తుంది. నీడ రోజున వచ్చే 2.1 ఎంఏహెచ్ అంటే 15 జౌళ్లే. కన్వర్టర్ నష్టంతో కలిపి సెన్సార్‌కు 11.5, 25 ఫారడ్ల లీకేజీకి మరో 7.8, మొత్తం 19 దాటింది. అదే ప్యానెల్‌తో పద్దు లోటులో పడింది. ప్యానెల్ నీడ లేని చోట ఉండి, రెండు రోజులు చీకటిని తట్టుకోవాలంటే ఇది సరైన ఎంపిక.

లిథియం అయాన్ కెపాసిటర్ దారి వేరు. 30 ఫారడ్లది 3.6 వోల్టుల వరకు నింపి 2.5 వరకు దించితే 33 కూలుంబులు, 9 ఎంఏహెచ్‌కు పైగా. దాని లీకేజీ కొద్ది మైక్రో ఆంపియర్లే కాబట్టి మన సెన్సార్ తొమ్మిది పది రోజులు ఎండ చూడకుండా బతుకుతుంది. అప్పుడు ప్యానెల్‌ను అతి చెడ్డ రోజుకు కాకుండా అతి చెడ్డ వారం సగటుకు లెక్కిస్తే సరిపోతుంది. తుపాను రోజుల సమాచారమే ముఖ్యమైన చోట, ఉదాహరణకు వాగు నీటిమట్టం చూసే సెన్సార్‌కు, నేను ఇదే పెడతాను. ధర ఎక్కువ, ఊళ్లో దుకాణంలో దొరకదు, 2.2 వోల్టుల కిందికి ఒక్కసారి దిగినా పాడవుతుంది. మామూలు సూపర్ కెపాసిటర్‌ను సున్నాకు దించినా ఏమీ కాదన్న నిశ్చింత ఇక్కడ ఉండదు.

ఖాళీ అయ్యాక మళ్లీ లేవడం

కెపాసిటర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి: ఎండ బాగా ఉన్నా సెన్సార్ పనిచేయదు, కెపాసిటర్ మీద వోల్టేజీ 2 దగ్గర్లో అతుక్కుపోయి ఉంటుంది. కారణం తెల్లవారుజామున మొదలవుతుంది. ఖాళీ కెపాసిటర్ నెమ్మదిగా నిండుతూ ప్రాసెసర్ లేవగలిగే వోల్టేజీకి చేరుతుంది. అది లేచి కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. వోల్టేజీ పడి అది మళ్లీ పడిపోతుంది. నీడలో ప్యానెల్ ఇచ్చేదంతా ఈ లేవడం పడటంలోనే కరిగిపోతుంది. దీనికి మందు, కెపాసిటర్‌కూ 3 వోల్టుల రెగ్యులేటర్‌కూ మధ్య వోల్టేజీ చూసి కరెంటు వదిలే స్విచ్చు. 3.6 దగ్గర కరెంటు వదలాలి, 3.1 దగ్గర ఆపాలి. మధ్యలోని అర వోల్టులో 2.5 కూలుంబులున్నాయి, వంద సందేశాలకు సరిపడా. లోరావాన్ వాడేవారు నెట్‌వర్క్‌లో చేరినప్పటి కీలను ఫ్లాష్ మెమరీలో దాచుకుంటే, లేచిన ప్రతిసారీ మళ్లీ చేరే ఖర్చు కూడా తప్పుతుంది.

ఆ స్థితికి రాకుండా సెన్సారే పొదుపు చేయవచ్చు. ఇక్కడ కెపాసిటర్‌కు బ్యాటరీలో లేని ఒక గుణం ఉంది: వోల్టేజీ చూస్తే ఎంత మిగిలిందో కచ్చితంగా తెలుస్తుంది.

```c
uint16_t interval_min(uint16_t cap_mV) {
  if (cap_mV > 4000) return 15;
  if (cap_mV > 3600) return 60;
  return 180;
}
```

గంటకొకసారికి తగ్గితే రోజు ఖర్చు 9.2 నుంచి 3.8 జౌళ్లకు దిగుతుంది. అంతకంటే తగ్గించినా పెద్దగా మారదు, ఎందుకంటే అప్పటికి నిద్ర ఖర్చే సగానికి పైన ఉంటుంది. మట్టి తేమ గంటలో ఎంతో మారదు కాబట్టి మబ్బు రోజున ఈ తగ్గింపు వల్ల రైతుకు నష్టం లేదు.

కాగితం లెక్క నిజమో కాదో

పొలంలో పెట్టేముందు మూడు నాలుగు రోజులు ఎండలో నింపి ఉంచండి. కొత్త కెపాసిటర్ మొదటి రోజుల్లో లోపలికి ఛార్జిని పీల్చుకుంటూ ఎక్కువ లీకేజీ ఉన్నట్టు కనిపిస్తుంది, అప్పుడు కొలిస్తే కంగారు తప్ప ఉపయోగం ఉండదు. తర్వాత ఒక సాయంత్రం ఆరింటికి ప్యానెల్ మీద నల్లగుడ్డ కప్పి వోల్టేజీ రాసుకోండి, పొద్దున ఆరింటికి మళ్లీ. తేడాను ఫారడ్లతో గుణించి సెకన్లతో భాగిస్తే సగటు కరెంటు వస్తుంది. 4.40 నుంచి 3.85కు దిగిందనుకుందాం: 0.55 × 5 ÷ 43,200, అంటే 64 మైక్రో ఆంపియర్లు. మన అంచనా 35, 30 కలిపి 65. సరిపోయింది.

ఒకవేళ తెల్లారేసరికి 3.2 చూపిస్తే అది 139 మైక్రో ఆంపియర్లు. అప్పుడు కోడ్ చూడకముందే మరుసటి రాత్రి సెన్సార్‌ను విడదీసి కెపాసిటర్లు, డయోడ్, ప్యానెల్ మాత్రమే ఉంచి అదే పరీక్ష చేయండి. అలా కూడా వంద దాటితే దొంగ డయోడ్ గానీ కెపాసిటర్ గానీ. ముప్పై లోపు వస్తే దోషం పరికరంలో ఉంది: సాధారణంగా కొలత అయ్యాక కూడా కరెంటు తెగని సెన్సార్, లేదా కెపాసిటర్ వోల్టేజీ చదవడానికి పెట్టి, ఎప్పుడూ కలిపే ఉంచిన రెసిస్టర్ల జత.